ఒక ఈతలో ఏ కుక్కపిల్లని ఎంచుకోవాలి? తల్లిని చూడటం దగ్గర్నుంచి పళ్లెం పడేసి చూడటం దాకా

ఏడు లాబ్రడార్ పిల్లలు వసారాలో దొర్లుతుంటే చూడబోయినవాళ్ళ కళ్ళు రెండే చోట్ల ఆగుతాయి. అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చి పంట్లాం అంచు పట్టుకు లాగిన పిల్ల మీద, లేదంటే మూల నక్కి బిక్కుబిక్కుమంటూ చూస్తున్న పిల్ల మీద. మొదటిది హుషారుగా ఉందని ముద్దొస్తుంది, రెండోదాన్ని చూస్తే జాలేస్తుంది. పిల్లలున్న ఇంటికి, పెద్దవాళ్ళున్న ఇంటికి చాలాసార్లు ఈ రెండూ సరిపడవు. మిగిలిన అయిదింట్లో ఏది సరిపడుతుందో తెలుసుకోవడానికి అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చే గుర్తు ఒకటుంది: పిల్ల ఉలిక్కిపడిందా లేదా అన్నది కాదు, ఉలిక్కిపడ్డాక ఎంతసేపట్లో తేరుకుంది అన్నది. దాన్ని ఎలా చూడాలి, అంతకుముందు అమ్మేవాళ్ళని ఏం అడగాలి అన్నదే ఇక్కడ చెప్పేది. భీమవరం, అమలాపురం, రాజమండ్రి వైపు ఇళ్ళల్లో లాబ్రడార్లు ఎక్కువ కనిపిస్తాయి కాబట్టి ఉదాహరణకి అదే తీసుకున్నాం. పద్ధతి మాత్రం ఏ జాతికైనా ఒకటే, వీధికుక్క పిల్లలకైనా అంతే.

రెండుసార్లు వెళ్ళాలి

ఫోన్లో మాట్లాడి ఆదివారం వెళ్ళి, అదే రోజు పిల్లని బుట్టలో పెట్టుకొచ్చేయడం మామూలుగా జరిగేది. అలా చేయకండి. మొదటిసారి పిల్లలకి 5, 6 వారాలప్పుడు వెళ్ళండి. ఆ రోజు పిల్లని ఎంచుకోవడం కోసం కాదు, తల్లినీ అవి పెరిగే చోటునీ చూడటం కోసం. రెండోసారి 7 వారాలు దాటాక, 8 నిండేలోపు వెళ్ళండి. పరీక్ష చేసేది అప్పుడు. తెచ్చుకోవడం 8 వారాలు నిండాకే. 2017లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నియమాల్లో 8 వారాల లోపు పిల్లని అమ్మకూడదని స్పష్టంగా ఉంది. "నెల నిండింది, అన్నం తింటోంది, తీసుకెళ్ళిపోండి" అనే మాట మన దగ్గర తరచూ వినిపిస్తుంది. అన్నం తినడం వేరే సంగతి. అయిదో వారం నుంచి ఎనిమిదో వారం దాకా తోటి పిల్లలతో కొట్లాడుకుంటూ ఎంత గట్టిగా కరిస్తే అవతలిది కీచుమంటుందో, ఆట ఎక్కడ ఆగిపోతుందో నేర్చుకుంటాయి. ఆ చదువు తప్పిపోయిన పిల్ల ఇంటికొచ్చాక పిల్లల చేతులు కొరికి పారేస్తుంది. దానికి అది నేర్పించడం మనుషులకి చాలా కష్టం.

అలాగని ఆలస్యం చేసినా ఇబ్బందే. కుక్కపిల్ల మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగో వారం దాకా చూసిన మనుషుల్నీ విన్న చప్పుళ్ళనీ "ఇవి మామూలే" అని లెక్కేసుకుంటుంది. ఆ తర్వాత కొత్తవి ఎదురైతే ముందు అనుమానమే. 1961లో అమెరికాలో అచ్చయిన ఒక ప్రయోగంలో 14 వారాల దాకా మనిషి స్పర్శ తగలకుండా పెంచిన పిల్లలు ఆ తర్వాత ఎంత బుజ్జగించినా మామూలుగా మచ్చిక కాలేదు. అందుకే మొదటిసారి వెళ్ళినప్పుడే అవి ఎక్కడ పెరుగుతున్నాయో చూసుకోవాలి. కొబ్బరితోటలో మకాం పక్కన, రోజుకి రెండుసార్లు పాలేరు వచ్చి గిన్నె పెట్టి వెళ్ళే చోట పెరిగిన పిల్లకి మిక్సీ చప్పుడు, కుక్కర్ కూత, చిన్నపిల్లల కేకలు ఏవీ తెలీవు. ఇంటి వసారాలో వచ్చేపోయేవాళ్ళ మధ్య పెరిగినదానికి అవన్నీ పుట్టుకతో ఉన్నట్టే. జాతీ సర్టిఫికెట్టూ ఒకటే అయినా ఈ రెండు పిల్లలూ ఒకటి కావు.

ముందు తల్లిని చూడండి

పిల్లల దగ్గర అరగంట గడిపితే తల్లి దగ్గర కూడా ఇంకో అరగంట గడపాలి. ఏడెనిమిది వారాల పిల్ల మీద ఒకసారి చేసిన పరీక్ష, అది పెద్దయ్యాక ఎలా ఉంటుందో గట్టిగా చెప్పలేదని పరిశోధనలు మళ్ళీ మళ్ళీ చూపిస్తున్నాయి. తల్లి అలా కాదు, ఇప్పటికే పెద్దది. దాని పిరికితనం పిల్లలకి రెండు దార్లలో అందుతుంది: కొంత రక్తంలో, కొంత చూసి నేర్చుకోవడంలో. కొత్త మనిషి రాగానే తల్లి మంచం కిందకి దూరితే ఆ వారాల్లో పిల్లలు నేర్చుకునేది అదే.

పిల్లల దగ్గరికి వచ్చిన కొత్తవాళ్ళని చూసి తల్లి రెండు నిమిషాలు మొరగడం తప్పు కాదు. యజమాని "ఊరుకో" అంటే సర్దుకుని, వాసన చూసి, తోక ఆడించి పక్కన పడుకుందా? అయితే మంచిదే. యజమాని పక్కనే ఉన్నా ఒళ్ళు బిగబట్టి, కనుగుడ్ల తెల్లభాగం కనిపించేలా ఓరగా చూస్తూ గుర్రుమంటూనే ఉంటే, లేదా వణుకుతూ దగ్గరికే రాకపోతే, పిల్లలు ఎంత ముద్దుగా ఉన్నా ఆ ఈతని వదిలేయడమే మంచిది. "పిల్లలున్నాయి కదండీ, అందుకే గొలుసుతో కట్టేశాం" అంటే, పిల్లల్ని వేరే గదిలోకి మార్చి తల్లిని ఒక్కదాన్నే తీసుకురమ్మనండి. పిల్లలు పక్కన లేనప్పుడు కూడా అదే తీరుగా ఉంటే అది దాని స్వభావమే.

తల్లి అక్కడ లేదని, పక్క ఊళ్ళో ఉందని, ఫొటో చూపిస్తామని అంటే ఇక బేరం ఆపేయండి. ఎక్కణ్ణుంచో బుట్టల్లో తెచ్చి మారు బేరానికి అమ్మే పిల్లల విషయంలో వినిపించే మాటే అది. పాలిచ్చే తల్లి అయితే రొమ్ములు వేలాడుతూ ఉంటాయి, ఒంటిమీద బొచ్చు కొంత ఊడి ఉంటుంది. నిగనిగలాడుతూ పొట్ట బిగుతుగా ఉన్న కుక్కని చూపించి ఇదే తల్లి అంటే నమ్మాల్సిన పని లేదు.

తండ్రి మాత్రం చాలావరకు వేరే ఊళ్ళో వేరేవాళ్ళ ఇంట్లో ఉంటుంది. అది మామూలే. ఆ ఇంటివాళ్ళ ఫోన్ నంబరు ఇవ్వమనండి. వీడియో కాల్‌లో ఆ మగకుక్క పడుకున్న చోటునుంచి ఎలా లేస్తోందో, మెట్లు ఎలా ఎక్కుతోందో చూపించమనండి. ఎందుకో కింద చెబుతాం.

అడగాల్సినవి, వచ్చే జవాబుల్లో వినాల్సినవి

"ఆరోగ్యంగా ఉందా?" అని అడిగితే అందరూ "ఉందండి" అంటారు. అవును, కాదు అని తేల్చేసే వీల్లేని ప్రశ్నలు అడగాలి.

మొదటిది తల్లి వయసెంత, ఇది ఎన్నో ఈత, ముందు ఈత ఎప్పుడు అని. పైన చెప్పిన నియమాల ప్రకారం ఏడాదిన్నర నిండని ఆడకుక్కకి క్రాసింగ్ చేయించకూడదు. ఏడాదిలో ఒక్క ఈతే. మొత్తం మీద అయిదు ఈతలకి మించకూడదు. "ఆర్నెల్ల క్రితం పిల్లల్ని కూడా చూపిస్తామండి" అని గర్వంగా చెబితే, ఆ తల్లికి మధ్యలో ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వలేదని అర్థం.

రెండోది తల్లీ తండ్రీ ఒకదానికొకటి ఏమవుతాయి అని. ఒకే ఇంటి అన్నాచెల్లెళ్ళు, తండ్రీకూతుళ్ళు అయితే లోపల దాగున్న లోపాలు బయటపడే అవకాశం ఎక్కువ. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా సర్టిఫికెట్ ఉంటే అందులో మూడు తరాల పేర్లుంటాయి, రెండువైపులా ఒకే పేరు ఉందేమో చూసుకోవచ్చు. ఆ కాగితం వంశాన్ని చెబుతుంది, అంతే. ఆరోగ్యాన్ని గురించి ఒక్క ముక్క కూడా చెప్పదు. సర్టిఫికెట్ పేరు చెప్పి ధర పెంచేవాళ్ళు ఈ తేడా మీతో చెప్పరు.

మూడోది తుంటి సంగతి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్‌లాంటి పెద్ద జాతుల్లో తుంటి కీలు గుంటలో సరిగ్గా కూర్చోని జబ్బు వంశంలో వస్తుంది. మోచేతి కీలుకీ ఇలాంటిదే ఉంది. తల్లిదండ్రులకి ఎక్స్‌రే తీయించారా అని అడగండి. తీయించినవాళ్ళు మన జిల్లాల్లో తక్కువే. లేదంటే వెంటనే వెనక్కి వచ్చేయక్కర్లేదు గానీ, కళ్ళతో చూసుకోవాలి. పడుకున్న కుక్క ముందుకాళ్ళ మీద బరువేసి వెనక భాగాన్ని ఈడ్చుకుంటూ లేస్తోందా? పరిగెత్తేటప్పుడు వెనక రెండు కాళ్ళూ కుందేలులా ఒకేసారి వేస్తోందా? మెట్ల దగ్గర ఆగి తటపటాయిస్తోందా? వీటిలో ఏది కనిపించినా ఆ ఈత పిల్లని తేకండి. ఇవి కనిపించకపోయినంత మాత్రాన కీలు బాగున్నట్టు కాదు. అయినా ఎక్స్‌రే లేనప్పుడు మన చేతిలో ఉన్నది ఇదే.

నాలుగోది అన్నిటికంటే విలువైనది: ముందు ఈత పిల్లలు ఇప్పుడు ఎవరి దగ్గరున్నాయి, ఇద్దరి ఫోన్ నంబర్లు ఇస్తారా అని. రెండేళ్ళ వయసున్న అక్కనో అన్ననో పెంచుతున్నవాళ్ళకి ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి: దీపావళి రోజు ఏం చేస్తుంది, ఇంటికి చుట్టాలొస్తే ఏం చేస్తుంది, చర్మానికో చెవులకో ఎన్నిసార్లు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కోనసీమలో అయితే కనుమనాటి ప్రభల తీర్థానికి డప్పులు ఇంటి ముందునుంచి వెళ్తుంటే ఏం చేసిందో కూడా అడగండి. తల్లి ఏమిటో, తండ్రి ఏమిటో ఆ పది నిమిషాల మాటల్లో తేలిపోతుంది. నంబర్లు ఇవ్వడానికి నసిగేవాళ్ళు ఎందుకు నసుగుతున్నారో ఆలోచించుకోండి.

ఇంకా కొన్ని ఉన్నాయి. ఎన్ని పుట్టాయి, ఎన్ని పోయాయి, ఏమై పోయాయి. తల్లికి ఎప్పుడైనా పిడుదుల జ్వరం వచ్చిందా. ఫిట్స్ ఉన్నాయా. చిన్నప్పుడు ముఖం మీద, కాళ్ళ మీద బొచ్చు ఊడి గజ్జిలా వచ్చిందా. పిల్లల్లో ఒకటీ రెండూ పోయాయంటే భయపడక్కర్లేదు, పెద్ద ఈతల్లో అలా జరుగుతుంది. మూడు వారాలు దాటాక రక్త విరేచనాలతో పోయిందంటే మాత్రం అది పార్వో కావచ్చు, ఆ నేలలోనే ఇంకా ఉండొచ్చు. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది.

టీకా పుస్తకం

పిల్లకి 6 నుంచి 8 వారాల మధ్య మొదటి టీకా పడాలి. తర్వాత 3, 4 వారాలకోసారి చొప్పున 16 వారాలు వచ్చేదాకా వేయించాలి. ఒక్క డోసుతో ఎందుకు సరిపోదంటే, తల్లి పాలలో వచ్చిన రక్షణ ఇంకా ఒంట్లో ఉన్నంతకాలం టీకా పనిచేయదు. అది ఎప్పుడు తగ్గుతుందో ఒక్కో పిల్లకి ఒక్కోలా ఉంటుంది. రేబిస్ టీకా 12 వారాల తర్వాత. నట్టల మందు 2 వారాల వయసు నుంచి రెండు వారాలకోసారి పట్టించి ఉండాలి. 8 వారాల పిల్లకి మూడు నాలుగుసార్లు పడి ఉండాలన్నమాట.

పుస్తకంలో తేదీ రాసి ఉండటం చాలదు. టీకా సీసా మీది స్టిక్కర్ ఊడదీసి పుస్తకంలో అంటించాలి. దాని మీద కంపెనీ, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. పక్కన డాక్టరు సంతకం, ముద్ర ఉండాలి. స్టిక్కర్ లేకుండా పెన్నుతో తేదీ మాత్రమే ఉంటే మందుల షాపులో కొని ఇంట్లోనే పొడిచి ఉంటారు, లేదా అసలు వేసి ఉండరు. ఈ టీకాల్ని 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. మే నెలలో కరెంటు పోయిన మధ్యాహ్నాలు దాటొచ్చిన సీసాలో మందు ఉన్నా పని చేయకపోవచ్చు.

డెల్టాలో ఉండేవాళ్ళు ఇంకో మాట చూసుకోవాలి. టీకాలో లెప్టోస్పైరా ఉందా లేదా అని. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళలోంచి వచ్చే జబ్బు ఇది. వరిచేలు, కాలవలు, చేపల చెరువుల గట్లు ఉన్నచోట కుక్కకి ఇది పట్టే వీలు ఎక్కువ, దాన్నుంచి ఇంట్లోవాళ్ళకీ రావచ్చు. స్టిక్కర్ మీద చివర్న L అక్షరం ఉంటే అది కలిసి ఉన్నట్టు. లేకపోతే తర్వాతి డోసుకి అది ఉన్నదే వేయించమని డాక్టరుతో చెప్పండి.

పరీక్ష రోజు

ఉదయం ఎండ ముదరకముందు వెళ్ళండి. పిల్లలు రోజులో 18 గంటలపైనే నిద్రపోతాయి. నిద్ర లేచి, మూత్రం పోసి, ఆడటం మొదలుపెట్టిన వేళ కావాలి. కడుపునిండా తిన్న వెంటనేనో, ముందురోజు టీకా పడి ఉంటేనో పరీక్ష చేయకండి. వెంట ఒక స్టీలు పళ్లెం, గరిటె, ఒక గొడుగు, ముడివేసిన పాత గుడ్డ, ఉడికించిన కోడిమాంసం చిన్నచిన్న ముక్కలు, నోట్‌బుక్కు తీసుకెళ్ళండి. చెప్పులు బయటే విడిచి, చేతులూ కాళ్ళూ సబ్బుతో కడుక్కుని లోపలికి వెళ్ళండి. అంతకుముందు ఇంకో కుక్కలున్న చోటికి వెళ్ళి ఉంటే ఆ రోజు వెళ్ళనే వద్దు, పార్వో చెప్పులతోనూ వస్తుంది.

ఏడూ ఒకేలా ఉంటే గుర్తుపట్టడానికి మెడకి రంగురంగుల దారాలు వదులుగా కట్టమనండి, వచ్చేటప్పుడు తీసేయాలి.

మొదటి ఇరవై నిమిషాలు ఏమీ చేయకండి, పిలవకండి. ఒక పక్కగా కూర్చుని చూడండి. ఎవరు ఎవరి మీద ఎక్కుతున్నారు, అవతలిది కీచుమంటే వదిలేస్తోందా లేదా, తినే గిన్నె దగ్గర ఎవరు ఒళ్ళు బిగబట్టి నిలబడుతున్నారు. దూరంగా ఒక్కటే పడుకున్న పిల్ల ఆటలో అలసిపోయిందా లేక మొదటినుంచీ కలవలేదా.

తర్వాత ఒక్కోదాన్నీ విడిగా, అది ఇదివరకు చూడని చోటికి తీసుకెళ్ళాలి. పక్క గదో, పెరట్లో శుభ్రమైన అరుగో సరిపోతుంది. పరీక్ష చేసేది పిల్లలకి అంతగా అలవాటు లేని మనిషైతే మంచిది. యజమాని ఒక మూల కూర్చోవచ్చు గానీ పిలవకూడదు, చప్పట్లు కొట్టకూడదు. ఒక్కో పిల్లకి ఏడెనిమిది నిమిషాలు పడుతుంది.

మధ్యలో దింపి నాలుగడుగులు వెనక్కి వెళ్ళి కూర్చోండి. నేల వాసన చూస్తూ తిరుగుతోందా, నిలబడ్డచోటే బిగుసుకుపోయిందా చూడండి. నిమిషం తర్వాత నోటితో చిన్న చప్పుడు చేసి పిలవండి. లేచి నడిస్తే వెంట వస్తోందో లేదో చూడండి. గుడ్డ విసిరి, పట్టుకున్నాక ఇమ్మని చెయ్యి చాపండి. తెచ్చి ఇవ్వకపోయినా మీ వైపు రావడమే మీకు కావలసింది.

ఆ తర్వాత ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము మీద చెయ్యి మెత్తగా ఆనించి 30 సెకన్లు పట్టుకోండి. నొక్కకూడదు. మామూలు పిల్ల కాసేపు గింజుకుని ఆగుతుంది, మీ ముఖంలోకి చూస్తుంది. చివరిదాకా గింజుకుని, గుర్రుమని, చేతిని గట్టిగా కొరికేది పట్టుదల ఎక్కువున్న పిల్ల. అసలు కదలకుండా కర్రలా బిగుసుకుపోయి, నాలికతో ముక్కు నాక్కుంటూ చూపు తిప్పేసేది శాంతంగా ఉందని పొరబడేరు. అది భయం. ఈ ఒక్కచోట చాలామంది మోసపోతారు. పట్టు వదిలాక అది మీ దగ్గరే ఉందా, దూరంగా పోయిందా అన్నదాంట్లో తేడా తెలిసిపోతుంది.

చివర్న పళ్లెం. పిల్ల వేరే వైపు చూస్తున్నప్పుడు దానికి ఆరడుగుల దూరంలో గరిటెతో సహా పళ్లెం నేల మీద పడేయండి. ఒక్కసారే. ఎనిమిదో వారం చుట్టుపక్కల పిల్లలకి భయం తొందరగా నాటుకుంటుంది, అందుకే నాలుగుసార్లు చేసి ఆడుకోవద్దు. చప్పుడు కాగానే మనసులో లెక్కపెట్టండి. ఉలిక్కిపడటం, ఒక అడుగు వెనక్కి వేయడం తప్పు కాదు, చెవులు పనిచేస్తున్నాయని తెలిసింది. పదికి లెక్కపెట్టేలోపు తల తిప్పి పళ్లెం వైపు నడిస్తే చాలా బాగుంది. అర నిమిషంలోపు మీరిచ్చిన మాంసం ముక్క తింటే బాగుంది. రెండు నిమిషాలైనా మూల వదలక, ముక్క ముక్కు దగ్గర పెట్టినా తినకపోతే దాన్ని రాసిపెట్టుకోండి. అసలు కదలికే లేకపోతే వెనకనుంచి చప్పట్లు కొట్టి చూడండి, వినికిడి లేకపోయి ఉండొచ్చు. గొడుగు కూడా ఇలాగే: ఆరడుగుల దూరంలో నెమ్మదిగా విప్పి నేల మీద పెట్టి వదిలేయాలి.

ఒక ఈత, రెండు ఇళ్ళు

ఇప్పుడు ఇది ఎలా తేలుతుందో ఒక ఊహించిన ఉదాహరణలో చూద్దాం. పాలకొల్లులో కాలవగట్టు దగ్గర ఇల్లు. ఇద్దరు చిన్నపిల్లలు, కర్ర పట్టుకు నడిచే మామ్మగారు, ముందు ఎప్పుడూ కుక్కని పెంచలేదు. ఏడు పిల్లల్నీ చూశారు.

ఎర్రదారం మగపిల్ల అన్నిటికంటే లావు. ఆటలో అవతలిది కీచుమన్నా వదల్లేదు. వెల్లకిలా పట్టుకుంటే 30 సెకన్లూ గింజుకుని చెయ్యి కొరికింది. పళ్లెం పడగానే అదే దాని మీదికి దూకింది. నీలందారం ఆడపిల్ల మొదటిసారీ మూలే, ఈసారీ మూలే. పళ్లెం చప్పుడుకి మంచం కిందకి పోయి రెండు నిమిషాలైనా రాలేదు. నారింజదారందాన్ని ముద్దుగా ఉందని ఎత్తుకున్నారు గానీ, తినే గిన్నె దగ్గర ఒళ్ళు బిగబట్టి మిగతావాటిని తోలేసింది, చెయ్యి దగ్గరికి వెళ్ళినా గుర్రుమంది. తెల్లదారంది మొదటిసారి మందకొడిగా పడుకుని ఉంది, ఈసారి బాగా ఆడింది. అడిగితే మొదటిసారి వెళ్ళేటప్పటికి నట్టల మందు తాగి ఉందని తేలింది. రెండుసార్లు వెళ్ళకపోతే ఇది లెక్కలోంచి పోయేది.

పసుపుదారం ఆడపిల్ల ముందు రాలేదు. దింపినచోట నిలబడి చుట్టూ చూసి, పది సెకన్లకి నడుచుకుంటూ వచ్చింది. వెల్లకిలా పెడితే కొంచెం గింజుకుని ఒళ్ళు వదిలేసింది, వదిలాక ఒళ్ళోనే కూర్చుంది. పళ్లెం పడితే నేలకి అణిగి, అయిదు లెక్కపెట్టేలోపు వెళ్ళి వాసన చూసింది. ఆకుపచ్చదారందీ ఇంచుమించు ఇంతే, కాకపోతే మాంసం ముక్క కోసం మనిషిని వదలదు. అలాంటిదానికి నేర్పించడం తేలిక. ఏడోది ఎటూ కాకుండా మధ్యస్తంగా ఉంది.

ఈ ఇంటికి పసుపు, ఆకుపచ్చ, తెలుపు ఈ మూడింట్లో ఏదైనా సరిపోతుంది. ఆడదా మగదా, ఏ రంగు అన్న ఇష్టాలు ఇక్కడ చూసుకోవచ్చు, ముందు కాదు. అదే రోజు కైకలూరు వైపు చేపల చెరువు మీద కాపలాకి కుక్క కావాలని వచ్చిన మనిషికైతే, కుక్కలకి నేర్పించిన అనుభవం ఉంటే, ఎర్రదారంది పనికొస్తుంది. అదే పిల్ల మామ్మగారి ఇంట్లో ఉంటే ఆరో నెలకి ఆవిడ్ని పడేస్తుంది. నీలందారందాన్ని కాపలాకి తీసుకెళ్ళడం మాత్రం పొరపాటు. భయపడే కుక్క ఎక్కువ మొరుగుతుంది కాబట్టి కాపలాకి మంచిదని కొందరు అంటారు. భయపడే కుక్కే ఎవర్ని కరవాలో తెలియక తెలిసినవాళ్ళని కరుస్తుంది. దానికి పెద్దవాళ్ళు మాత్రమే ఉండే నెమ్మదైన ఇల్లు, ఓపికున్న మనిషి కావాలి.

చేత్తో చూడాల్సినవి

ఎంచుకున్న పిల్లని వెలుతుర్లోకి తెచ్చి తల నుంచి తోక దాకా చూడండి. పెదవి ఎత్తి చిగుళ్ళు చూడండి. గులాబీ రంగులో ఉండాలి, వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. పాలిపోయి ఉంటే కొక్కెం నట్టలో పిడుదులో రక్తం పీల్చేస్తున్నాయి. కింది దవడ, పై దవడ పళ్ళు సరిగ్గా కలుస్తున్నాయా చూడండి. కళ్ళల్లో పుసి, ముక్కులో చీమిడి ఉండకూడదు. చెవిలో నల్లటి కాఫీపొడిలాంటి మురికి ఉంటే చెవి పురుగులు. బొడ్డు దగ్గర మెత్తటి బుడిపె తగిలితే హెర్నియా, చిన్నదైతే ఫరవాలేదు, డాక్టరుకి చూపించాలి. మగపిల్లకి వృషణాలు రెండూ 8 వారాలకి దిగి ఉండటం మామూలు, దిగకపోతే తర్వాత ఆపరేషన్ ఖర్చు ఉండొచ్చు. ఒళ్ళు బక్కగా ఉండి పొట్ట మాత్రం డోలులా ఉంటే అది తిండి పుష్టి కాదు, నట్టలు.

పిడుదుల్ని బొచ్చు మీద వెతికితే దొరకవు. కాలివేళ్ళ సందుల్లో, చెవి లోపలి మడతలో, తోక మొదట్లో చూడండి. మీరొచ్చే ముందు పిల్లలకి స్నానం చేయించి ఉంటే, ఒళ్ళింకా తడిగా ఉంటే, ఆ చోట్లు ఇంకా శ్రద్ధగా చూడాలి. వానాకాలంలో తడి గోనెసంచుల మీద పెరిగిన పిల్లల పొట్ట కింద ఎర్రటి పొక్కులు ఉంటాయి. అవి పొడిచోటికి మారాక తగ్గుతాయి. గుండ్రంగా బొచ్చు ఊడిన మచ్చలైతే తామర కావచ్చు, అది పిల్లల చేతులకీ అంటుకుంటుంది. వెళ్ళేముందు దొడ్లో మలం ఎలా ఉందో ఒకసారి చూసుకోండి. గట్టిగా ఉండాలి.

డబ్బిచ్చే ముందు

కాగితం మీద నాలుగు వాక్యాలు రాయించుకోండి: పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, ఇప్పటిదాకా పడిన మందులూ టీకాలూ, రెండు రోజుల్లో పశువైద్యుడు లోపం చెబితే పిల్లని వెనక్కి తీసుకుని డబ్బిస్తామన్న మాట. ఆ రెండు రోజుల్లో తప్పకుండా డాక్టరుకి చూపించండి, గుండె చప్పుడు మన చేతికి తెలిసేది కాదు.

పార్వో సోకిన పిల్ల లక్షణాలు కనబడటానికి మామూలుగా 3 నుంచి 7 రోజులు పడుతుంది, ఒక్కోసారి రెండు వారాలు. అంటే అమ్మిన రోజు గంతులేసిన పిల్ల వారం తర్వాత వాంతులు చేసుకోవచ్చు. అందుకే "రెండు వారాల్లో పార్వో బయటపడితే" అన్న మాట కూడా విడిగా రాయించుకోవాలి. తిండి మానేసి, వాంతి చేసుకుని, నీచు వాసనతో విరేచనం అయితే ఇంట్లో ఓఆర్ఎస్ పట్టిస్తూ పొద్దు గడపకుండా అదే పూట ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మీ ఇంట్లో అంతకుముందు పార్వోతో పిల్ల పోయి ఉంటే, నేల కడిగి బ్లీచింగ్ నీళ్ళు పోసి పది నిమిషాలు ఉంచినా మట్టిపెరడు శుభ్రం కాదు. టీకాలు పూర్తయ్యేదాకా కొత్త పిల్లని ఆ మట్టిలో దింపకండి.

వచ్చేటప్పుడు అక్కడ పెడుతున్న తిండి వారానికి సరిపడా అడిగి తెచ్చుకుని, దాంట్లోనే కొంచెం కొంచెంగా మీ తిండి కలుపుతూ మార్చండి. ఒకేసారి మారిస్తే పట్టే విరేచనాల్ని చూసి పార్వో అని హడలిపోతారు. తల్లి పడుకున్న గుడ్డముక్క ఒకటి కూడా అడిగి తీసుకుని, మొదటి నాలుగు రాత్రులూ పిల్ల పడుకునే చోట వేయండి.